ఐదు శేషాలు, ఆరు రేఖలు, 480 మాత్రికలు

ఏ పూర్ణసంఖ్యనైనా 5తో భాగిస్తే మిగిలేది 0, 1, 2, 3, 4లలో ఒకటే. కూడినా గుణించినా ఫలితాన్ని మళ్లీ 5తో భాగించి శేషాన్ని మాత్రమే ఉంచుకుంటే, లెక్క ఎప్పటికీ ఈ ఐదింటి గడప దాటదు. అక్కడ 3 + 4 విలువ 2. 3 × 4 విలువ కూడా 2. ఈ చిన్న లోకంలో భాగహారం కూడా సాగుతుంది. 2 × 3 = 1, 4 × 4 = 1 కాబట్టి సున్నా కాని ప్రతి శేషానికీ విలోమం ఉంది. 5 ప్రధాన సంఖ్య కావడమే దీనికి కారణం. ఏ ప్రధాన సంఖ్య p తీసుకున్నా దాని p శేషాలకు ఈ గుణం ఉంటుంది. ఇలా నాలుగు ప్రక్రియలూ సాగే వ్యవస్థను క్షేత్రం అంటారు.

రెండు అడ్డువరుసలు, రెండు నిలువువరుసలు ఉన్న మాత్రికలో నాలుగు గళ్లు ఉంటాయి. ఒక్కో గడిని ఐదు విధాలుగా నింపవచ్చు కనుక మొత్తం మాత్రికలు 625. వీటిలో విలోమం ఉన్నవన్నీ కలిస్తే గుణకారం కింద ఒక సమూహం ఏర్పడుతుంది. దాన్ని GL(2, 5) అని రాస్తారు. ఒక సమూహంలో ఎన్ని మూలకాలున్నాయో అదే దాని పరిమాణం.

```
| a  b |
| c  d |
```

ఈ మాత్రిక నిర్ధారకం ad − bc. అది సున్నా కాకపోతే విలోమం ఉంటుంది, సున్నా అయితే ఉండదు. అయితే లెక్కపెట్టడానికి నిర్ధారకాన్ని పట్టుకుని కూర్చోవడం కంటే నిలువువరుసలను చూడడం సులువు. మొదటి నిలువువరుస (a, c) సున్నా సదిశ కాకూడదు. మొత్తం 25 సదిశల్లో ఆ ఒక్కటి పోగా 24 మిగులుతాయి. రెండో నిలువువరుస మొదటిదానికి గుణిజం కాకూడదు. మొదటిదాన్ని 0, 1, 2, 3, 4లతో గుణిస్తే ఐదు వేర్వేరు సదిశలు వస్తాయి. అవి పోగా 20 మిగులుతాయి. కాబట్టి పరిమాణం 24 × 20, అంటే 480. ఏ ప్రధాన సంఖ్య p కైనా ఇదే దారి:

(p² − 1)(p² − p) = p(p − 1)²(p + 1)

ఈ లెక్కలో తప్పు జరిగేది ఎక్కువగా రెండో అడుగులోనే. సున్నా సదిశను, మొదటి నిలువువరుసను మాత్రమే తీసేసి 24 × 23 అని రాసేవారుంటారు. మొదటిదాని రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు కూడా పనికిరావన్న సంగతి అప్పుడు జారిపోతుంది. p = 2 దగ్గర ఈ తప్పు బయటపడదు. అక్కడ గుణకాలు 0, 1 మాత్రమే కనుక రెండు దారుల్లోనూ 3 × 2 = 6 వస్తుంది. అందుకే సూత్రాన్ని పరీక్షించాలంటే p = 2తో ఆగకూడదు, కనీసం 3 దాకా వెళ్లాలి. అక్కడ సరైన జవాబు 8 × 6 = 48.

ప్రధాన సంఖ్య స్థానంలో వేరే సంఖ్య ఉంటే ఈ వాదమే కుప్పకూలుతుంది. శేషాలు 4తో తీసుకుంటే (2, 0) సున్నా సదిశ కాదు, అయినా విలోమం ఉన్న ఏ మాత్రికలోనూ అది నిలువువరుసగా కూర్చోలేదు. అది ఉంటే నిర్ధారకం 0 గానీ 2 గానీ అవుతుంది, ఆ రెండింటికీ 4 దగ్గర విలోమం లేదు. ఇది ఊహాలోకపు చిక్కు కాదు. 1929లో అమెరికన్ గణితవేత్త లెస్టర్ హిల్ ఆంగ్ల అక్షరాలకు 0 నుంచి 25 వరకు అంకెలిచ్చి, జంట అక్షరాలను మాత్రికతో గుణించి రహస్యలిపిగా మార్చే పద్ధతి ప్రకటించాడు. అక్కడ శేషాలు 26తో తీసుకోవాలి. 26 అంటే 2 × 13. 26 దగ్గర విలోమం ఉండడమంటే 2 దగ్గరా 13 దగ్గరా విడివిడిగా విలోమం ఉండడమే కనుక తాళంచెవిగా పనికొచ్చే మాత్రికల సంఖ్య ఆ రెండు పరిమాణాల లబ్ధం: 6 × 26,208 = 1,57,248. ప్రధాన సంఖ్యల సూత్రంలో గుడ్డిగా p = 26 వేస్తే 4,38,750 వస్తుంది. అందులో సగానికి పైగా తాళం వేస్తాయి గానీ తీయలేవు.

ఇక 480 లోపలికి. రెండు మాత్రికల లబ్ధానికి నిర్ధారకం వాటి నిర్ధారకాల లబ్ధమే. కాబట్టి నిర్ధారకం 1 ఉన్నవాటిని తమలో తాము గుణించినా, వాటి విలోమాలు తీసుకున్నా నిర్ధారకం 1గానే నిలుస్తుంది. ఇది ఉపసమూహం, పేరు SL(2, 5). దీని పరిమాణానికి కొత్త లెక్క అక్కర్లేదు. నిర్ధారకం 1 ఉన్న ప్రతి మాత్రికలోనూ మొదటి అడ్డువరుసను 3తో గుణిస్తే నిర్ధారకం 3 అవుతుంది. విలోమమైన 2తో గుణిస్తే మళ్లీ వెనక్కి వస్తుంది. అంటే నిర్ధారకం 1 ఉన్నవి ఎన్నో, 3 ఉన్నవీ అన్నే. 2, 4లకూ ఇదే మాట. 480ని నాలుగు సమభాగాలు చేస్తే ఒక్కోటి 120. సాధారణంగా ఇది p(p² − 1).

625 మాత్రికలను నిర్ధారకం విలువను బట్టి ఐదు కుప్పలుగా పోస్తే ఒక్కో కుప్పలో 125 పడతాయని తోచడం సహజం. పడవు. సున్నా కుప్పలో 625 − 480 = 145, మిగిలిన నాలుగింటిలో 120 చొప్పున ఉంటాయి. సున్నాకు ఈ మొగ్గు ఎందుకంటే, సున్నా లబ్ధం కావడానికి దారులు ఎక్కువ. ఏదో ఒక గుణకం సున్నా అయితే చాలు, రెండోది ఏదైనా కావచ్చు.

మిగిలిన ఉపసమూహాలు బీజగణితంలో కంటే జ్యామితిలో స్పష్టంగా కనిపిస్తాయి. 25 సదిశలను ఐదు వరుసల్లో ఐదేసి చుక్కలుగా ఊహించుకుంటే, మూలబిందువు గుండా పోయే ఒక్కో సరళరేఖ మీద మూలబిందువు కాక నాలుగు చుక్కలుంటాయి. మూలబిందువు కాని 24 చుక్కలూ ఇలా నాలుగేసిగా విడిపోతాయి కనుక రేఖలు ఆరు: వాలు 0, 1, 2, 3, 4 ఉన్నవి ఐదు, నిట్టనిలువు రేఖ ఒకటి. సాధారణంగా p + 1. విలోమం ఉన్న ప్రతి మాత్రికా రేఖను రేఖకే పంపుతుంది. అంటే 480 మాత్రికలూ ఈ ఆరు రేఖలను అటూ ఇటూ మారుస్తున్నాయన్నమాట. ఒక మాత్రిక ఎన్ని రేఖలను కదలకుండా ఉంచుతుందన్నదే ఇక్కడి నుంచి పట్టుకోవలసిన కొస.

ముందుగా ఒక్క రేఖను, x-అక్షాన్ని, నిలబెట్టే మాత్రికలు. (1, 0) తన గుణిజానికే పోవాలంటే c = 0 కావాలి. ఇవే ఎగువ త్రిభుజ మాత్రికలు. a, d లకు నాలుగేసి అవకాశాలు, b కి ఐదు. పరిమాణం 4 × 4 × 5 = 80. x-అక్షాన్ని మరో రేఖకు పంపే మాత్రికలు కూడా ఒక్కో రేఖకు 80 చొప్పునే ఉంటాయి, ఎందుకంటే అలా పంపే ఒక మాత్రికను తీసుకుని ఈ ఎనభైతో గుణిస్తే అవన్నీ వస్తాయి. ఆరు రేఖలకు 6 × 80 = 480. మొదటి లెక్క సరైనదేనని ఇది వేరే దారిలో చెబుతోంది. పరిమాణంలోని p + 1 అనే గుణకం నిజానికి రేఖల సంఖ్య అనీ చూపుతోంది.

ఈ ఎనభైలో a = d = 1 ఉన్నవి ఐదు. వాటిని గుణిస్తే పై మూలలోని b లు కూడికతో కలుస్తాయి, అంతకు మించి ఏమీ జరగదు. ఈ ఐదింటి సమూహం ఐదు శేషాల కూడిక సమూహానికి అచ్చుగుద్దినట్టు ఉంటుంది. ఆరు రేఖలకూ ఇలాంటిది ఒక్కోటి ఉంది. ఏ రెండింటికీ తత్సమ మాత్రిక తప్ప ఉమ్మడి మూలకం లేదు. కాబట్టి తత్సమం కాని ఇలాంటి మాత్రికలు 6 × 4 = 24.

రెండు అక్షాలనూ నిలబెట్టేవి వికర్ణ మాత్రికలు, 4 × 4 = 16. రెండు అక్షాలను తారుమారు చేసే మాత్రికలను కూడా కలుపుకుంటే 32. ఇక్కడా సరిచూసుకోవచ్చు. ఆరు రేఖల్లోంచి రెండింటిని 15 విధాలుగా ఎంచవచ్చు, ఏ జంటనైనా మరో జంటకు పంపవచ్చు. 480ని 32తో భాగిస్తే సరిగ్గా 15.

మూడు రేఖలను నిలబెట్టమంటే? x-అక్షం, y-అక్షం నిలవాలంటే మాత్రిక వికర్ణ రూపంలో ఉండాలి. వాలు 1 ఉన్న రేఖ కూడా నిలవాలంటే వికర్ణంలోని రెండు సంఖ్యలూ సమానం కావాలి. అలాంటి మాత్రిక ప్రతి సదిశనూ ఒకే సంఖ్యతో గుణిస్తుంది కనుక ఆరు రేఖలూ నిలుస్తాయి. ఏ మూడు రేఖలతో మొదలుపెట్టినా ఇంతే. వీటినే అదిశ మాత్రికలు అంటారు, మొత్తం నాలుగు. 480లో ప్రతి మాత్రికతోనూ ముందువెనకలు లేకుండా గుణించుకునేవి ఇవి మాత్రమే. అందుకే ఇవి సమూహానికి కేంద్రం.

దీన్నిబట్టి ఒక మాత్రిక నిలబెట్టే రేఖల సంఖ్య 6, 2, 1, 0లలో ఒకటి కావాలి. మూడు, నాలుగు, ఐదు కుదరవు. మొదటి మూడు రకాలనూ లెక్కపెట్టడం సులువు. ఆరింటినీ నిలబెట్టేవి 4. సరిగ్గా రెండింటిని నిలబెట్టేవి, ఒక్కో జంటకు 16లోంచి నాలుగు అదిశ మాత్రికలు పోగా 12 చొప్పున, 15 జంటలకు 180. సరిగ్గా ఒక్కదాన్ని నిలబెట్టేవి ఇందాకటి 24ను నాలుగు అదిశ మాత్రికలతో గుణించగా వచ్చేవి, 96. మొత్తం 280. అంటే మిగతా 200 మాత్రికలు ఒక్క రేఖనూ ఉన్నచోట ఉంచవు.

ఈ రెండు వందలు ఏ ఉపసమూహంలో ఇమిడి ఉన్నాయన్నది పైకి కనిపించదు. త్రిభుజ, వికర్ణ, అదిశ మాత్రికలను గళ్లలోని సున్నాలు చూసి గుర్తుపట్టవచ్చు, వీటికి అలాంటి గుర్తు లేదు. పాఠ్యపుస్తకాల్లో తరచూ వదిలేసే భాగం ఇదే. అయితే వీటిని పట్టుకునే ఉపాయం చాలా చిన్నది. ఏ రేఖనూ నిలబెట్టని A అనే మాత్రికను తీసుకోవాలి. తత్సమ మాత్రికను I అంటే, xI + yA రూపంలో 25 మాత్రికలు వస్తాయి. x, y లలో కనీసం ఒకటి సున్నా కానప్పుడు వీటిలో ప్రతిదానికీ విలోమం ఉంటుంది. లేదనుకుంటే, ఏదో సున్నా కాని సదిశను అది సున్నాకు పంపాలి. అప్పుడు y సున్నా కాదు, A ఆ సదిశను దాని గుణిజానికే పంపుతున్నట్టు తేలుతుంది. A ఒక రేఖను నిలబెట్టినట్టే కదా, అది మొదటి మాటకు విరుద్ధం. వీటిలో ఏ రెండింటిని గుణించినా కొత్తగా వచ్చే పదం A² ఒక్కటే, A²ను మళ్లీ I, A లతో రాయవచ్చు. కాబట్టి ఈ 24 మాత్రికలూ ఒక ఉపసమూహం. దాని పరిమాణం p² − 1. సంకీర్ణ సంఖ్యలను x + iy రూపంలో రాసినట్టే, ఇక్కడ 25 సంఖ్యల క్షేత్రం ఒకటి మాత్రికల వేషంలో దాగి ఉంది. ఇందులో నాలుగు అదిశ మాత్రికలు పోగా మిగిలిన ఇరవై ఏ రేఖనూ నిలబెట్టవు. ఇలాంటి రెండు వేర్వేరు ఉపసమూహాలకు అదిశ మాత్రికలే ఉమ్మడి. 200ను 20తో భాగిస్తే ఇలాంటివి పది ఉన్నాయని తేలుతుంది.

ఒక దాన్ని దగ్గరగా చూస్తే విషయం తేటపడుతుంది. 5 దగ్గర వర్గాలు 0, 1, 4 మాత్రమే, 2కు వర్గమూలం లేదు. ఆ లేని వర్గమూలాన్ని తెచ్చిపెట్టుకున్నట్టుగా ఈ రూపంలోని మాత్రికలు తీసుకోవచ్చు:

```
| a  2b |
| b   a |
```

నిర్ధారకం a² − 2b². a, b రెండూ సున్నా అయితే తప్ప ఇది సున్నా కాదు. a = 2, b = 1 వేస్తే వచ్చే మాత్రికను T అందాం. అది (x, y)ని (2x + 2y, x + 2y)కి పంపుతుంది. (1, 0)తో మొదలుపెట్టి T ని పదే పదే ప్రయోగిస్తే వరుసగా (2, 1), (1, 4), (0, 4), (3, 3), (2, 4), (2, 0) వస్తాయి. ఇవి ఉన్న రేఖల వాలులు చూస్తే 0తో మొదలై 3, 4, నిట్టనిలువు, 1, 2, చివరికి మళ్లీ 0. ఆరు రేఖలనూ ఒక్కొక్కటిగా చుట్టి ఆరో అడుగులో T మొదటి రేఖకు చేరింది. కానీ మొదటి సదిశకు చేరలేదు, (1, 0) బదులు (2, 0) వచ్చింది. నిజానికి T⁶ అంటే 2I. 2ను నాలుగుసార్లు గుణిస్తే గానీ 1 రాదు కనుక T మొదటికి రావడానికి 24 అడుగులు పడతాయి. అంటే ఆ ఇరవై నాలుగూ ఒక్క T ఘాతాలే. ఆరు రేఖల చుట్టూ నాలుగు ప్రదక్షిణలు పూర్తయితే గానీ అది తత్సమానికి చేరదు.

ఇదే ఉపసమూహంలో నిర్ధారకం 1 ఉన్నవి ఎన్నో చేతితోనే తేల్చవచ్చు. a² − 2b² = 1 కావాలి. b = 0 అయితే a = 1 లేదా 4. b = 1 లేదా 4 అయితే a² = 3 కావాలి, అది సాధ్యం కాదు. b = 2 లేదా 3 అయితే a² = 4, a = 2 లేదా 3. మొత్తం ఆరు, అంటే p + 1. త్రిభుజ మాత్రికల వైపు చూస్తే నిర్ధారకం 1 ఉన్నవి 80లో 20, వికర్ణ మాత్రికల్లో 16లో 4.

p స్థానంలో 2 వేస్తే ఈ బొమ్మంతా అరచేతిలో ఇమిడిపోతుంది. రేఖలు మూడు, మాత్రికలు ఆరు. అన్ని రేఖలనూ నిలబెట్టేది ఒకటి, ఒక్కదాన్ని నిలబెట్టేవి మూడు, దేన్నీ నిలబెట్టనివి రెండు. రెండింటిని మాత్రమే నిలబెట్టేవి లేవు, ఎందుకంటే మూడింటిలో రెండు నిలిస్తే మూడోదీ నిలవక తప్పదు. మూడు వస్తువుల ఆరు ప్రస్తారాలు ఇవే.

5 దగ్గర మాత్రం 120 అనే సంఖ్య రెండుసార్లు ఎదురై తికమక పెడుతుంది. SL(2, 5) పరిమాణం 120. 480 మాత్రికల్లో అదిశ గుణకం మాత్రమే తేడా ఉన్నవాటిని ఒకటిగా లెక్కిస్తే వచ్చే సమూహం PGL(2, 5) పరిమాణం కూడా 480 ÷ 4 = 120. పైగా ఐదు వస్తువుల ప్రస్తారాలు కూడా 120. పరిమాణం ఒకటైనంత మాత్రాన సమూహాలు ఒకటి కావు. తేల్చుకోవడానికి ఒక పరీక్ష చాలు: తనతో తాను గుణించుకుంటే తత్సమం అయ్యే మూలకాలు, తత్సమం కాకుండా, ఎన్ని? SL(2, 5)లో అలాంటిది −I ఒక్కటే. అలాంటి మాత్రిక ప్రతి సదిశనూ ±1 తో గుణించే రెండు దిశలుగా విడదీస్తుంది, నిర్ధారకం 1 కావాలంటే రెండు గుర్తులూ ఒకటే కావాలి. ఐదు వస్తువుల్లో మాత్రం ఏ రెండింటిని తారుమారు చేసినా అలాంటి మూలకం వస్తుంది, అలా తారుమారు చేయడమే పది రకాలు. కాబట్టి అవి రెండూ వేరు. PGL(2, 5) మాత్రం ఐదు వస్తువుల ప్రస్తార సమూహంతో నిజంగానే తుల్యరూపం. ఆరు రేఖల మీద ఆడే సమూహం లోపల ఐదు వస్తువుల ఆట దాగి ఉండడం మామూలు సంగతి కాదు.

దీన్ని గమనించిన తొలి వ్యక్తుల్లో ఎవరిస్ట్ గలువా ఒకడు. ద్వంద్వయుద్ధానికి ముందురోజు, 1832 మే 29న, మిత్రుడు ఓగుస్త్ షెవాలియేకు రాసిన లేఖలో ఈ ప్రశ్న కనిపిస్తుంది. SL(2, p)లో ఒక మాత్రికనూ దాని రుణ మాత్రికనూ ఒకటిగా తీసుకుంటే, p బేసి అయినప్పుడు పరిమాణం p(p² − 1)/2 అవుతుంది. ఈ సమూహం p + 1 రేఖల మీద ఎప్పుడూ పనిచేస్తుంది. p వస్తువుల మీద కూడా పనిచేయించవచ్చా? అందుకు మొత్తంలో p వ వంతు ఉండే ఉపసమూహం కావాలి. 5 దగ్గర 60లో 12, 7 దగ్గర 168లో 24, 11 దగ్గర 660లో 60 మూలకాల ఉపసమూహాలు దొరుకుతాయి. 11 దాటిన ఏ ప్రధాన సంఖ్యకూ అది కుదరదని గలువా రాశాడు, ఆ మాట నిజమే. ఉదాహరణకు 13 దగ్గర పరిమాణం 1,092. అది 13తో శేషం లేకుండా భాగింపబడి 84 వస్తుంది. లగ్రాంజ్ సిద్ధాంతం ప్రకారం 84 మూలకాల ఉపసమూహానికి అడ్డేమీ లేదు. అయినా అలాంటిది ఆ సమూహంలో లేదు. అక్కడ త్రిభుజ మాత్రికల నుంచి వచ్చే 78 మూలకాల ఉపసమూహమే అన్నింటికంటే పెద్దది. దాన్ని బట్టి చూస్తే ఆ సమూహం నిజంగా కదిలించగల వస్తువులు కనీసం 14 ఉండాలి. అవి 13 దగ్గర ఉండే పద్నాలుగు రేఖలే.